అదే పదివేలు

పొద్దున తొమ్మిదింటికి యంత్రానికి కరెంటిచ్చి, అది వేడెక్కే లోపల దూది పుల్ల స్పిరిట్‌లో ముంచి టేపు తాకే హెడ్లు తుడిచి, పదకొండు అయ్యేసరికి ఇరవైనాలుగు మీటర్ల ముళ్ళనూ సున్నా మీద నిలబెట్టకపోతే ఆయనకు ఆ రోజు తెల్లవారినట్టే ఉండదు. పని ఉన్నా సరే, లేకపోయినా సరే. ఈమధ్య లేకపోవడమే ఎక్కువ. అయినా ముళ్ళు సున్నా మీదికి రావలసిందే. బ్యాండుల వాళ్ళు ఆయన్ని రీలు బాబాయ్ అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు.

ఆ స్టూడియో ఒకప్పుడు ఐసు కర్మాగారం. కింది గది గోడల్లో జానెడు మందాన కార్కు పలకలున్నాయి. చలిని బయటికి పోనివ్వకుండా ఎప్పుడో ఎవరో వేసినవి, ఇప్పుడు చప్పుడును పోనివ్వడం లేదు. ఆ గది మధ్యలో రెండు అంగుళాల టేపు యంత్రం, బట్టలు ఉతికే మిషన్లు రెండు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. పై గది బావమరిదిది. అక్కడ ఒక కంప్యూటరు, రెండు తెరలు, ఈగ వాలినా వినపడేంత నిశ్శబ్దం. కింద తుప్పు, పైన అద్దం అని బావమరిది ఎకసెక్కం. తుప్పన్నది మాత్రం నిజమే. ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన ఇనుప తుప్పే కదా టేపంటే.

ఆ పై గదికీ ఈ కింది గదికీ మధ్య మెట్లలాగా ఒక మనిషి ఉండేది. ఈయనకు భార్య, అతనికి అక్క. ఏ ట్రాకు మీద ఏ వాయిద్యం ఉందో కాగితాల మీద రాసేది ఆవిడే. రీలు పెట్టెల మీద చేతిరాత ఆవిడదే. రీలు మొదట్లో కొలత శబ్దాలు పట్టించేటప్పుడు మైకులో వాటి పేర్లు చెప్పే గొంతు కూడా ఆవిడదే. మూడేళ్ళయింది పోయి. ఆ తర్వాత బావా బావమరుదులు ఒకే కప్పు కింద, మెట్లకు చెరో చివరా మిగిలారు. మధ్యాహ్నం భోజనం మాత్రం కలిసి తింటారు, అదీ ఇద్దరూ ఫోనుల్లోకి చూసుకుంటూ.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది ఆయనకు. యంత్రాన్ని సరిచేయడానికి కొలత టేపు ఒకటి పెడతారు. అందులో సెకనుకు వెయ్యిసార్లు కదిలే శబ్దం ఒకటి, పదివేలసార్లు కదిలేది ఒకటి, వందసార్లు కదిలేది ఒకటి ఉంటాయి. వెయ్యి ఈల వేసినట్టుంటుంది. వంద, దూరంగా మోటారు తిరుగుతున్నట్టుంటుంది. పదివేలు సన్నగా, సూది మొనలాగా ఉంటుంది. ఉండాలి. ఆయనకు ఉండదు. ముల్లు లేచి సున్నా మీద నిలబడుతుంది, స్పీకర్ల ముందు ఆయన నిలబడతాడు, గదిలో ఏమీ ఉండదు. మొదట్లో స్పీకరు పోయిందనుకున్నాడు. స్పీకరు మార్చాడు. తీగలు మార్చాడు. మార్చడానికి ఇంకేమీ మిగలని రోజున కుర్చీలో కూలబడ్డాడు. నలభై ఏళ్ళు డ్రమ్ముల ముందు కూర్చున్న చెవులు, పైనుంచి అరిగిపోతూ వచ్చాయి.

ముల్లును నమ్ముకుంటే సరిపోయేది. కానీ కుర్రతనం నుంచీ ఆయనకు ఒక అలవాటు. కొలతలన్నీ అయి, రీలు మొదట్లో శబ్దాలు పట్టించాక, సింబళ్ళు, అంటే డ్రమ్ముల పక్కన మోగే కంచు పళ్ళాలు, పడే రెండు ట్రాకుల మీద మాత్రం చెవితో ఒక చిన్న సర్దుబాటు చేస్తాడు. స్టాండుకు ఒక సింబల్ వేలాడదీసి పుల్లతో మెల్లగా తాకి, రికార్డు చేసి, విని, స్క్రూడ్రైవరుతో పై శబ్దాల మరను వెంట్రుకవాసి తిప్పుతాడు. గదిలో మోగిన సింబల్‌తో పోల్చుకుంటే గొడవే లేదు. గదిలోదీ ఆయన చెవికి మొద్దుగానే ఉంటుంది, స్పీకర్లోదీ మొద్దుగానే ఉంటుంది. ఆయన పోల్చుకునేది ముప్పై ఏళ్ళ కిందట మోగిన సింబల్‌తో. దాన్ని అందుకోవాలని మర తిప్పుతాడు. పక్కన ఆవిడుంటే "చాలు" అనేది. ఇప్పుడు చాలనేవాళ్ళు లేరు.

అలా ఉండగా ఒకరోజు బావమరిది భోజనం దగ్గర ఫోను తిప్పి చూపించాడు. ఎవరో ప్రదర్శనశాల వాళ్ళు. పాత యంత్రాలు సేకరిస్తున్నారు. దీన్ని గాజు అద్దాల వెనక పెట్టి, దీపాలేసి, కింద చరిత్ర రాసి పెడతారట. నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పమన్నారు.

"బతికున్నదాన్ని గాజు పెట్టెలో పెడతారా?" అన్నాడు ఆయన.

"ఎక్కడ బతికుంది బావా? నాలుగు నెలలైంది దాని మీద ఒక్క పాట పడి. నువ్వు రోజూ తుడుస్తావు, అది రోజూ తిరుగుతుంది. కింద గది నాకిస్తే నాలుగు మైకులేసుకుంటా."

వాదన కొత్తది కాదు. బావమరిది మాటలో తప్పూ లేదు. కంప్యూటరుకు ఏదిస్తే అది రాసుకుంటుంది, రవ్వంత కలపదు, రవ్వంత తీయదు. టేపులో వినపడే సన్నటి బుస ఉండదు. మోత గీత దాటనంతవరకు కడిగిన అద్దం, దాటిందా కత్తితో కోసినట్టు ఠపీమని తెగుతుంది. టేపు అలా కాదు. దానికి గీత అంటూ ఒకచోట ఉండదు. పొడిగుడ్డ నీళ్ళు పీల్చుకున్నట్టు పీల్చుకుంటూ పోతుంది, తడి ఎక్కువయ్యేకొద్దీ ఇంకా పీల్చుకోవడానికి మొరాయిస్తుంది. డ్రమ్ము దెబ్బలో ముందు వచ్చే మొన ఉంటుందే, అది గుండ్రబడుతుంది. లోపల లేని కొత్త స్వరాలు, దెబ్బకు మూడింతల ఎత్తులో ఒకటి, ఐదింతల ఎత్తులో మరొకటి, నీడల్లా పుడతాయి. దెబ్బ చిన్నదవుతుంది, కొట్టిన మనిషి పెద్దవాడైనట్టుంటుంది. అది తప్పే. ఉన్నది ఉన్నట్టు చెప్పకపోవడమే. ఆ తప్పు కోసమే ఆయన జీవితమంతా ఈ తుప్పును తుడిచాడు.

సరిగ్గా ఆ వారంలోనే దిగింది డ్రమ్ములు వాయించే అమ్మాయి. వాళ్ళ బ్యాండులో నలుగురు. మిగతా ముగ్గురూ ఆమెను సుత్తి అంటారు, కొట్టే దెబ్బను బట్టి కొంత, మాట్లాడే తీరును బట్టి కొంత. మెట్లు దిగి వచ్చి, యంత్రం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "బాబాయ్, ఇది తిరుగుతుందా, బొమ్మా?" అంది.

"నువ్వు కొడతావా, మాట్లాడతావా?" అన్నాడు ఆయన.

ఆమెకు నచ్చాడు.

వాళ్ళు అంతకుముందు రెండు పాటలు ఎక్కడో కంప్యూటర్లో చేశారట. అంతా శుభ్రంగా వచ్చిందట. నా దెబ్బ నాకే పరాయిదానిలా వినపడింది, ఆసుపత్రిలో పడుకోబెట్టినట్టుంది అని చెప్పుకొచ్చింది ఆమె. అదొకటే కాదు. ముప్పై ఆరు సార్లు వాయించారట ఒక పాట. అందులో ఒక్కో ముక్కా ఏరి అతికారట. టేపైతే అలా కుదరదు కదా అని అడిగింది. కుదరదని చెప్పాడు. ఉన్నవి ఇరవైనాలుగు ట్రాకులు, ఒక రీలు మీద పట్టేది ముప్పై మూడు నిమిషాలు. బాగాలేదంటే దాని మీదే మళ్ళీ రాయాలి, పాతది పోతుంది. వెనక్కి తిప్పుతున్నంతసేపూ నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకోక తప్పదు.

"మాకు కావలసింది అదే" అంది సుత్తి.

బావమరిది తూకం మనిషి. పందెం అతనే వేశాడు. మైకుల తీగలు రెండుగా చీల్చి, ఒకే వాయింపును ఒకేసారి టేపుకూ కంప్యూటరుకూ పంపుదాం. తర్వాత టేపులోది కూడా కంప్యూటర్లోకి తెచ్చి, పక్కపక్కన పెట్టి, ఏది ఏదో చెప్పకుండా వినిపిద్దాం. బ్యాండు టేపును ఎంచుకుంటే యంత్రం ఉంటుంది, ప్రదర్శనశాలకు కుదరదని రాసేస్తాను. ఎంచుకోకపోతే బావ తన చేత్తోనే తీగలు విప్పాలి.

"టేపులోది కూడా చివరికి కంప్యూటర్లోకేనా?" అని నవ్వింది ఆ అమ్మాయి.

"కట్టెల పొయ్యి మీద కాచిన పాలు స్టీలు గ్లాసులో పోస్తే పొగ వాసన పోతుందా అమ్మాయ్?" అన్నాడు ఆయన. ధైర్యంగానే అన్నాడు. లోపల మాత్రం వేరే బెంగ. వినిపించేటప్పుడు తనూ వినాలి కదా. వినపడనిది వినపడినట్టు తలాడించాలి కదా.

రికార్డింగు రోజున ఆయన ఎనిమిదింటికే వచ్చాడు. హెడ్లు రెండుసార్లు తుడిచాడు. కొలతలు చూశాడు, కొత్త రీలు ఎక్కించాడు, మొదట్లో శబ్దాలు పట్టించాడు. పేర్లు చెప్పలేదు. మూడేళ్ళుగా ఆయన రీళ్ళన్నీ మూగగానే మొదలవుతున్నాయి. చివర సింబల్ వేలాడదీసి తాకాడు. పని వచ్చిన రోజు, ఇంకాస్త మెరవాలి అనిపించింది. మరను పావు తిప్పు తిప్పాడు. ఇంకాస్త. ఎక్కడో అంచున, ముప్పై ఏళ్ళ కిందటి మెరుపు తగిలీ తగలనట్టు అనిపించాక ఆపాడు.

పదకొండింటికి వాయించారు. మొదటిసారి బాస్ గిటారు అబ్బాయి తడబడ్డాడు. రెండోసారి పాట మధ్యలో సుత్తి పుల్ల విరిగింది. మూడోసారి ఎవరూ ఎవరివంకా చూడలేదు, పాట తనంతట తాను నడిచింది. ముళ్ళు ఎర్ర గీతలోకి పోయి అక్కడే ఊగాయి, ఆయన వాటిని వెనక్కి లాగలేదు. నాలుగు నిమిషాలు. ఆఖరి దెబ్బ మోగి, గదిలో కలిసిపోయి, కార్కు గోడల్లోకి ఇంకిపోయేదాకా టేపు ఆపలేదు. రీలు వెనక్కి తిరుగుతుంటే నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చాలాకాలం తర్వాత ఆ గదిలో మనుషులున్నా నిశ్శబ్దంగా ఉంది.

మధ్యాహ్నం పైగదిలో కూర్చున్నారు. బావమరిది రెండింటినీ వెయ్యి శబ్దంతో తూచి సమానంగా పెట్టాడు. మోత ఎక్కువున్నదే జనానికి బాగుందనిపిస్తుంది, ఆ మోసం తన దగ్గర సాగదని బావకు తెలియాలని చూపించి మరీ పెట్టాడు. తర్వాత ఒకటి, రెండు అంటూ మార్చి మార్చి వినిపించాడు.

ముందు కింది డ్రమ్ము, మధ్య డ్రమ్ము, బాస్ గిటారు మాత్రమే. సుత్తి కళ్ళు మూసుకుని విని, "రెండోది" అంది. "మొదటిది నన్ను ఫోటో తీసింది. రెండోదాంట్లో నేనున్నా." మిగతా ముగ్గురూ రెండోదే అన్నారు. రెండోది టేపు. బావమరిది తలూపాడు.

తర్వాత అదే రెండోదాన్ని సింబళ్ళు కూడా కలిపి మొత్తం వినిపించాడు. సుత్తి మొహం ముడుచుకుంది.

"ఇదేంటి? మెల్లగా కొట్టినచోట గాజులా ఉంది, గట్టిగా కొట్టినచోట ఇసుక పోసినట్టుంది. నా సింబళ్ళు పగిలినాయా?" మళ్ళీ పెట్టించింది. "ఇదిగో ఇక్కడ. వినపడుతుందా బాబాయ్?"

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన విన్నాడు. ఒళ్ళంతా చెవి చేసుకుని విన్నాడు. డ్రమ్ములున్నాయి, బాస్ ఉంది, సింబళ్ళు ఎక్కడో తలుపు అవతల ఉన్నాయి. ఇసుకా లేదు, గాజూ లేదు. "ఆఁ" అన్నాడు. ఎక్కడ అని అడిగితే చెప్పలేని ఆఁ అది.

బావమరిది తెరవైపు చూశాడు, బావవైపు చూశాడు. ఒక్క క్షణం. తర్వాత మామూలు గొంతుతో, "టేపంటే అంతేనమ్మా. పై శబ్దాలకు దానికి ఓపిక తక్కువ, గట్టిగా కొడితే అవే ముందు చితికిపోతాయి. ఆ గుణం ఉన్నదాన్ని ఏం చేస్తాం?" అన్నాడు.

అది సగం నిజం. పనితెలిసినవాడికే చేతనయ్యే అబద్ధం. సరిగ్గా సర్దిన టేపు ఆ మాత్రం సింబళ్ళకు చితకదని బావమరిదికి తెలుసు. ఎవరో పై శబ్దాల మరను అడ్డగోలుగా తెరిచి, టేపు గొంతుదాకా ముందే నింపేశారు కాబట్టి దెబ్బ పడగానే పొంగిపోయింది. ఆ ఎవరో ఎవరో కూడా తెలుసు. తెలిసే, నింద తీసి యంత్రం నెత్తిన పెట్టాడు. ఆ మాట నిలబడితే యంత్రం గాజుపెట్టెలోకి పోతుంది, రీలు బాబాయ్ చెవులు మాత్రం ఊళ్ళో చెక్కుచెదరకుండా ఉంటాయి. ఆయన నోరు మెదపకుండా ఉంటే చాలు.

సుత్తి నిట్టూర్చి, "అయితే కంప్యూటర్లోదే తీసుకోవాలేమో" అంది. ఆ మాటలో దిగులుంది. తన కోసం కాదు, ఆ దెబ్బ కోసం.

ఆయన లేచి నిలబడ్డాడు.

"టేపు తప్పు కాదమ్మాయ్. నాది. సింబళ్ళ ట్రాకుల మీద మర నేనే తిప్పా, చెవితో. నాకు ఆ పైవి వినపడవు. చాలాకాలమైంది. ముళ్ళు చెప్పినచోట వదిలేసుంటే నీ సింబళ్ళు నీకు దొరికేవి."

బాస్ అబ్బాయి తన బూట్ల వంక చూసుకున్నాడు. ఆయనకు ముందు సుత్తి మొహం చూడాలనిపించలేదు, తర్వాత చూశాడు. జాలేమీ లేదు. లెక్క వేసుకుంటోంది.

"అయితే మర వెనక్కి తిప్పి మళ్ళీ వాయిద్దామా? చేతులు ఇంకా వేడిగానే ఉన్నాయి" అంది.

మెట్లు దిగేటప్పుడు బావమరిది వెనకాలే వచ్చాడు. సగం మెట్ల దగ్గర ఆయన ఆగి, ఎప్పట్నుంచి తెలుసని అడిగాడు.

"అక్క చెప్పింది, ఆసుపత్రిలో" అన్నాడు బావమరిది. "పదివేలు పెట్టినప్పుడు నువ్వు తన మొహంవంక చూసేవాడివట. తను తలూపితే నువ్వూ తలూపేవాడివట. బావ చెయ్యి మర మీద ఉన్నప్పుడు పక్కన ఉండరా అంది. నేను... పైన ఉండిపోయా బావా."

ఆయన జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి అతని చేతిలో పెట్టాడు.

బావమరిది ముల్లు చూస్తూ, చెవితో వింటూ, రెండు మరలనూ సున్నాకు తెచ్చాడు. ఆయన పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తన సొంత యంత్రం ముందు చుట్టంలాగా. మూడున్నరకు మళ్ళీ వాయించారు. పొద్దుటిది కాదు ఇది, కొంచెం అలిసిన పాట, మరి కొంచెం బరువైన పాట. పైకెళ్ళి విని, సుత్తి ఒక్క మాటే అంది: "నేనే." డ్రమ్ములూ బాసూ టేపు మీద, పాడేది పైన కంప్యూటర్లో అని తేల్చుకున్నారు. మిగతా ఆరు పాటలకూ వచ్చే సోమవారం నుంచి వస్తామన్నారు. వెళ్ళేముందు బాబాయ్ భుజం మీద పుల్లతో చిన్నగా తట్టి పోయింది.

బావమరిది ప్రదర్శనశాలకు రాసిన ఉత్తరం ఫోనులో చూపించాడు. రెండే వాక్యాలు. యంత్రం పనిలో ఉంది. క్షమించగలరు.

సాయంత్రపు ఎండ పై కిటికీ కంతలోంచి జారి నేల మీద పడుతుండగా కింద ఆయన ఒక్కడూ మిగిలాడు. యంత్రం మిగిలింది. గెలిచినట్టే. కానీ ఇకమీద ముళ్ళు చూడటానికి తాను, వినడానికి ఇంకొకరు. ఆ సంగతి ఊళ్ళో పాకడానికి వారం పట్టదు. కింది అరలోంచి ఒక పాత రీలు తీశాడు. పెట్టె మీద ఆవిడ అక్షరాలు, వరి నాట్లు వేసినట్టు వరసగా ఉన్నాయి. ఎక్కించి తిప్పాడు.

"వెయ్యి" అంది ఆవిడ గొంతు. ఈల మోగింది.

"పదివేలు" అంది. తర్వాత, నవ్వాపుకుంటూ, "మీకు వినపడితే అదే పదివేలు."

ముల్లు లేచి నిలబడింది. గదిలో ఏమీ లేదు. ఆ హాస్యం ఆయనకు పదేళ్ళుగా హాస్యమే. అందులో ప్రశ్న ఉందని ఇవాళ్టిదాకా తోచలేదు. ముల్లు పడిపోయేదాకా అలా చూస్తూ నిలబడ్డాడు.

ఆ రీలు దించి, సోమవారానికని కొత్తది ఎక్కించాడు. మైకు దగ్గరికి జరుపుకుని, గొంతు సవరించుకుని, మూడేళ్ళ తర్వాత మొదటిసారి ఒక రీలుకు మాట పెట్టాడు. "వెయ్యి" అన్నాడు, శబ్దం వదిలాడు. "పదివేలు" అన్నాడు, వదిలాడు. ముల్లు లేచింది.

టేపు శబ్దం పైకి పంపే తీగ ఇంకా విప్పలేదు. పైగదికీ కిందికీ మధ్య మాట్లాడుకునే చిన్న స్పీకరు గోడకుంది. ఎన్నాళ్ళుగానో పలకనిది, గరగరలాడి పలికింది. బావమరిది గొంతు.

"ఉంది బావా."

ఆయన జవాబు మీట మీద వేలు పెట్టాడు. నొక్కలేదు. ముల్లు వంకే చూస్తూ, కార్కు గోడలకు చెప్పినట్టు మెల్లగా, "అదే పదివేలు" అన్నాడు.